మబ్బు బొమ్మ ఒక్కటే చూసి పట్టలు కప్పొద్దు, రెండోది కూడా చూడండి



వాయుగుండం అనే మాట వినపడితే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో శాటిలైట్ బొమ్మలు వచ్చి పడతాయి. బంగాళాఖాతం మీద ఎర్రటి ముద్ద, దాని కింద "పల్నాడు మీదకి వచ్చేస్తంది" అని ఒక మాట. అది ఏ రోజుదో, ఎన్ని గంటలకి తీసిందో, ఆ ఎరుపు దేనికి గుర్తో ఎవరూ రాయరు. బొమ్మ చూసినోళ్ళలో సగం మంది కళ్ళంలో కాయల మీద పట్టలు కప్పుతారు, మిగతా సగం "ఇట్టాంటివి చాలా చూశాం" అని వదిలేస్తారు. ఆ రెండు పనుల్లో ఏది తప్పినా నష్టం మనకే. ఎండుమిర్చి తడిస్తే రంగు పోద్ది, తాలు పెరుగుద్ది. ఊరకే కప్పి రెండు పూటలు ఉంచితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తది.

ఐదారేళ్ళుగా నేను ఈ బొమ్మలు చూస్తన్నా. నాకు ఉపయోగపడింది ఒక్కటే పద్ధతి. ఒకే గంటకి తీసిన రెండు రకాల బొమ్మలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకటి VIS, రెండోది IR1. ఈ రెండిటి మధ్య తేడా అర్థమైతే ఏది వాన మబ్బో, ఏది ఉత్త మబ్బో చాలావరకు మనమే చెప్పుకోవచ్చు. ఈ పోస్టు అంతా దాని గురించే. పెద్దదే, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఈ బొమ్మ ఎక్కడ నుంచి వస్తదో చూద్దాం. మన దేశానికి ఇన్‌శాట్ వరసలో వాతావరణ ఉపగ్రహాలు ఉన్నయి. ఇన్‌శాట్-3డీఆర్‌ని 2016 సెప్టెంబర్ 8న, ఇన్‌శాట్-3డీఎస్‌ని 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచే పంపారు. భూమధ్యరేఖకి పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. భూమి ఎంత వేగంగా తిరుగుద్దో అవీ అంతే తిరుగుతాయి కాబట్టి ఎప్పుడూ మన వైపే చూస్తా ఉంటాయి. ఒక పక్క నుంచి రెండో పక్కకి గీతలు గీతలుగా చూసుకుంటా మొత్తం బొమ్మ తీయడానికి దాదాపు 26 నిమిషాలు పడుద్ది. అందుకే బొమ్మ మీద ఒక టైం కాకుండా "ఇప్పటి నుంచి ఇప్పటి దాకా" అని రెండు టైంలు ఉంటాయి.

ఆ టైం దగ్గర చాలామంది తికమక పడతారు. GMT అని ఉంటే దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. 0700 GMT అంటే మనకి మధ్యాహ్నం పన్నెండున్నర. ఉదయం ఏడనుకుంటే సగం రోజు తేడా వచ్చినట్టే.

ఇక రెండు బొమ్మల సంగతి.

VIS అంటే మన కన్ను చూసే వెలుతురుతో తీసిన ఫొటో. ఎండ మబ్బు మీద పడి పైకి తిరిగి వెళ్ళింది ఎంతో అది చూపిస్తది. మబ్బు మందంగా ఉంటే తెల్లగా మెరుస్తది. పల్చగా ఉంటే కింద నేల కనపడుద్ది. సముద్రం నల్లగా ఉంటది. దీనికి ఎండ కావాలి, అందుకే రాత్రి బొమ్మ మొత్తం నలుపే. దీంట్లో ఒక్కో చుక్క సుమారు ఒక కిలోమీటరు, అంటే మబ్బు అంచులు బాగా తెలుస్తాయి.

IR1 బొమ్మకి ఎండతో పని లేదు. వేడి ఉన్న ప్రతి వస్తువు నుంచి కంటికి కనపడని పరారుణ కిరణాలు బయటికి వస్తా ఉంటాయి. పొయ్యి ఆర్పినాక కూడా ఇటుకల దగ్గర చెయ్యి పెడితే వేడి తగులుద్ది చూడండి, అదే. నేల నుంచి, సముద్రం నుంచి, మబ్బు నెత్తి నుంచి వచ్చే ఆ వేడిని ఉపగ్రహం కొలుస్తది. అంటే ఇది వెలుతురు ఫొటో కాదు, థర్మామీటర్ లాంటిది. రాత్రీ పగలూ పనిచేస్తది. కాకపోతే ఒక్కో చుక్క సుమారు నాలుగు కిలోమీటర్లు, కాస్త మొద్దుగా ఉంటది.

IR1లో చల్లగా ఉన్నది తెల్లగా, వేడిగా ఉన్నది నల్లగా వచ్చేట్టు వేస్తారు. పైకి పోయే కొద్దీ చల్లదనం పెరుగుద్ది కాబట్టి, ఎంత తెల్లగా ఉంటే మబ్బు నెత్తి అంత ఎత్తులో ఉన్నట్టు. లెక్క కూడా మనమే వేసుకోవచ్చు. కిలోమీటరు పైకి పోతే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుద్ది. నేల దగ్గర 28 డిగ్రీలు, మబ్బు నెత్తి మైనస్ 60 అనుకుందాం. తేడా 88 డిగ్రీలు. ఆరున్నరతో భాగిస్తే పదమూడున్నర కిలోమీటర్లు. తుఫాను బులెటిన్లలో మైనస్ 80, మైనస్ 90 అని కూడా రాస్తారు. అవి పదహారు, పదిహేడు కిలోమీటర్ల ఎత్తున నెత్తి పెట్టిన మబ్బులు.

వాట్సాప్‌లో తిరిగే ఎర్ర ముద్దలు ఈ IR1కి రంగులేసినవే. ఏ రంగు ఎన్ని డిగ్రీలో పక్కన కొలబద్ద ఉంటది, దాన్ని కోసేసి పంపుతారు. కొలబద్ద లేని రంగు బొమ్మని పట్టించుకోవద్దు. ఒకరి బొమ్మలో ఎరుపు మైనస్ 70కి గుర్తు, ఇంకొకరి దాంట్లో మైనస్ 40కి.

ఇప్పుడు రెండూ కలిపి చూస్తే నాలుగు రకాలు వస్తాయి.

రెండిట్లో తెల్లగా ఉంటే మందమైన, ఎత్తైన మబ్బు. అసలు వాన మబ్బు ఇదే.

VISలో తెల్లగా ఉండి IR1లో నేలతో కలిసిపోయినట్టు బూడిద రంగులో ఉంటే అది కింద మబ్బు లేదా పొగమంచు. సంక్రాంతి ముందు తెల్లవారి మన త్రికూటం కొండ శిఖరాలు కూడా కనపడకుండా మంచు కమ్ముద్ది కదా, ఆ రోజు VISలో కృష్ణ పొడుగునా తెల్లటి దుప్పటి కనపడుద్ది. IR1లో అక్కడ ఏమీ లేనట్టే ఉంటది, ఎందుకంటే మంచు నెత్తి చల్లదనం, నేల చల్లదనం దాదాపు ఒకటే. దీని నుంచి మహా అయితే తుంపర వస్తది.

VISలో పల్చగా ఉండి IR1లో తెల్లగా ఉంటే అది బాగా పైన ఉండే ఈకల మబ్బు. మొత్తం మంచు పలుకులే. దాని నుంచి చుక్క కింద పడదు. IR1 ఒక్కటే చూసి భయపడేది ఎక్కువగా దీన్ని చూసే.

రెండిట్లో నల్లగా ఉంటే ఆకాశం ఖాళీ.

ఇది నిజంగా ఎట్టా ఉపయోగపడిందో 2023 డిసెంబర్‌లో వచ్చిన మిచౌంగ్ తుఫాను మీద చెప్తా. అందరికీ గుర్తుండే ఉంటది. డిసెంబర్ 1న వాయుగుండం, 3న తుఫాను, 4న తీవ్ర తుఫాను అయింది. 3, 4 తేదీల్లో చెన్నైని ముంచేసి, తీరం వెంబడే పైకి వచ్చి, 5వ తేదీ మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర మధ్య బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 90 నుంచి 100 కిలోమీటర్లు. బాపట్లకీ మన కోటప్పకొండకీ సూటిగా కొలిస్తే యాభై ఐదు కిలోమీటర్ల దూరం, అంతే.

3వ తేదీ ఆదివారం. నా పత్తి రెండో తీతకి వచ్చి పగిలి ఉంది. పక్కనే మిర్చి పూత మీద ఉంది. ఆ రోజు మనకి ఎండ కాస్తంది, కాకపోతే తెల్లగా, నీరసంగా. సూర్యుడి చుట్టూ దూరంగా వరదగుడి కట్టింది. పక్క చేను అబ్బాయి "బాబాయ్, ఎండ కొడతంటే కూలోళ్ళని ఎందుకు పిలిపిస్తన్నావు, గురువారం తీయొచ్చుగా" అన్నాడు. ఫోన్ తీసి రెండు బొమ్మలూ చూపించా. IR1లో మన మీద తెల్లటి తెర. VISలో అదే చోట పల్చటి పొర, కింద నేల కనపడతంది. అంటే మన మీద ఉన్నది ఈకల మబ్బు, ఆ రోజుకి వాన లేదు. దక్షిణంగా సముద్రం మీద చూస్తే రెండిట్లోనూ పాలముద్ద లాగా తెలుపు. తుఫాను లోపల పైకి లేచిన గాలి పైన అన్ని వైపులకీ విసురుతా ఉంటది, దాని కొసలే మన మీద పరుచుకున్న ఈకలు. వాన మబ్బు ఎక్కడుందో, దాని ముందు నడిచే తెర ఎక్కడుందో రెండు బొమ్మలు కలిపితేనే విడిపోయి కనపడింది.

మన పెద్దలు "దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన" అనేది కూడా ఇదే. దూరంగా కట్టే పెద్ద గుడి మంచు పలుకుల మబ్బు వల్ల వస్తది. తుఫానుకి ముందు నడిచేది అదే మబ్బు. వాళ్ళు కింద నుంచి చూశారు, మనం పైనుంచి చూస్తన్నాం.

తుఫాను ఎటు పోద్దో బొమ్మ చెప్పదు, అది వాతావరణ శాఖ బులెటిన్ చెప్పాలి. బులెటిన్‌లో తీరం దాటేది నెల్లూరు, మచిలీపట్నం మధ్య అని ఉంది. ఆ మాటా ఈ బొమ్మా కలిపి చూసుకుని, మన చేతిలో ఉన్నది ఆదివారం, సోమవారం పొద్దున అని లెక్కేశా. కూలి కాస్త ఎక్కువిచ్చి దొరికినంత మందిని పెట్టి తీయించా. పత్తి ఇంట్లోకి చేరింది.

4వ తేదీ రాత్రి VIS ఉండదు, IR1 ఒక్కటే దిక్కు. రాత్రి పూట ఒక్క IR1తో చూసేటప్పుడు వరసగా మూడు నాలుగు బొమ్మలు చూడాలి. అన్నిటికన్నా చల్లటి చోటు అరగంట అరగంటకీ ఇంకా చల్లబడతంటే మబ్బు ఇంకా పెరుగుతన్నట్టు. ఆ చోటు వేడెక్కుతా, మబ్బు వెడల్పు మాత్రం పెరుగుతంటే లోపల బలం అయిపోయి పైన ఈకలు పరుచుకుంటన్నట్టు.

తీరం దాటిన మర్నాడు, 6వ తేదీ పొద్దున, VISలో మన మీద ఇంకా తెల్లగానే ఉంది. IR1లో అదే చోట బూడిద రంగు. అంటే మిగిలింది కింద మబ్బు, తుంపరే. కుండపోత అయిపోయిందని అర్థం. మిర్చి సాళ్ళలో నీళ్ళు బయటికి తీయడానికి ఆ పూటే కాలవలు కొట్టించా, లేకపోతే వేరు కుళ్ళుద్ది. మందు మాత్రం ఆ రోజు కొట్టలేదు. తుంపరలో కొడితే ఆకు మీద నిలవదు. రెండు బొమ్మలూ నల్లబడ్డాకే కొట్టా.

ఇంకో రకం కష్టం వేసవిది. మార్చి, ఏప్రిల్‌లో కాయలు కళ్ళంలో ఉన్నప్పుడు సాయంత్రం పూట లేచే ఉరుముల మబ్బులు. ఇవి తుఫాను లాగా మూడు రోజుల ముందు చెప్పి రావు, రెండు మూడు గంటల్లో పుట్టి పోతాయి. ఇక్కడే IR1 మనల్ని బాగా మోసం చేస్తది.

మార్కాపురం, వినుకొండ వైపు ఒక మబ్బు లేచిందనుకోండి. అది పైకి పోయి పోయి, ఇంక పోలేని ఎత్తులో కమ్మరి దాగలి లాగా చదునుగా పరుచుకుంటది. వేసవిలో అంత ఎత్తున గాలి పడమర నుంచి వీస్తది కాబట్టి ఆ దాగలి తూర్పుకి, అంటే మన వైపుకి సాగుద్ది. వాన పడేది వినుకొండ దగ్గర కాండం కింద. IR1లో తెల్లగా కనపడేది నర్సరావుపేట దాకా. ఆ తెలుపు చూసి కంగారు పడతాం, చుక్క పడదు.

దీన్ని గుర్తుపట్టడానికి మూడు గుర్తులు ఉన్నయి. మొదటిది అంచు. మబ్బుకి ఒక పక్క కత్తితో కోసినట్టు నిక్కచ్చిగా, రెండో పక్క దూది పీకినట్టు మసకగా ఉంటది. కాండం ఎప్పుడూ నిక్కచ్చి అంచు వైపే, చల్లదనం కూడా అక్కడే ఎక్కువ. రెండోది VIS. సాయంత్రం నాలుగు, ఐదింటికి ఎండ ఏటవాలుగా పడతది కాబట్టి కాండం ఉన్న చోట కాలీఫ్లవర్ లాగా బొడిపెలు, వాటి పక్కన నీడలు కనపడతాయి. దాగలి నున్నగా, నీడ లేకుండా ఉంటది. మూడోది నిక్కచ్చి అంచు నడక. అరగంట తర్వాత బొమ్మలో ఆ అంచు మన వైపు జరిగిందా, లేక అక్కడే ఉండి మసక అంచు ఒక్కటే సాగిందా? అంచు జరగకపోతే పట్టలు దగ్గర పెట్టుకుని కూర్చోండి, కప్పొద్దు. జరుగుతంటే కప్పండి. వానాకాలంలో పైన గాలి తూర్పు నుంచి పడమరకి మారుద్ది, అప్పుడు దాగలి కూడా పడమరకే సాగుద్ది.

ఇంకొక్క చిన్న సంగతి. ఉపగ్రహం మనకి నెత్తి మీద లేదు, దక్షిణంగా ఉంది, ఏటవాలుగా చూస్తది. అందుకని పదిహేను కిలోమీటర్ల ఎత్తు మబ్బు బొమ్మలో సుమారు ఐదు కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి కనపడుద్ది. "మా ఊరి మీదే ఉంది" అని వేలు పెట్టి చూపిస్తే అది దక్షిణాన రెండు మూడు ఊళ్ళ అవతల ఉండొచ్చు.

ఇక వాన ఎంత పడిందో ఉపగ్రహం ఎట్టా చెప్తదని అడుగుతారు. అది వానని చూడదు, మబ్బు నెత్తిని చూసి అంచనా వేస్తది. 1980ల్లో ఆర్కిన్ అనే శాస్త్రవేత్త పెట్టిన తేలిక లెక్క ఒకటుంది. మబ్బు నెత్తి మైనస్ 38 కన్నా చల్లగా ఉంటే గంటకి 3 మిల్లీమీటర్ల వాన అనుకోవాలి. ఒక పెద్ద గడి తీసుకుని, దాంట్లో ఎంత భాగం అంత చల్లగా ఉందో దాన్ని బట్టి గుణించాలి. గడిలో సగం భాగం ఆరు గంటల పాటు చల్లటి మబ్బు ఉంటే:

3 × 0.5 × 6 = 9 మిల్లీమీటర్లు

ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు నాలుగు వేల లీటర్లు. తొమ్మిది మిల్లీమీటర్లంటే ముప్పై ఆరు వేల లీటర్లు. వినడానికి బానే ఉంది. కాకపోతే ఆ గడి నాలుగు పక్కలా ఒక్కో డిగ్రీ, అంటే 110 కిలోమీటర్లు. బాపట్ల సముద్రపు ఒడ్డూ మన కళ్ళమూ రెండూ పట్టేంత పెద్దది. అక్కడ ముప్పై పడి ఇక్కడ ఏమీ పడకపోయినా సగటు తొమ్మిదే. పైగా దాగలి ఈకలు చల్లగా ఉంటాయి కాబట్టి వాటినీ వాన కింద లెక్కేస్తది. కింద మబ్బు నుంచి పూటంతా పడే ముసురు వెచ్చటి నెత్తి కాబట్టి లెక్కలోకే రాదు.

ఇప్పుడు ఇంతకన్నా మంచి లెక్కలు వచ్చినయి. అమెరికా, జపాన్ కలిసి 2014లో పంపిన జీపీఎం ఉపగ్రహంలో రాడారే ఉంది. దాని మైక్రోవేవ్ కిరణాలు ఈకల మబ్బులోంచి దూరి కింద చుక్కలనే చూస్తాయి. అయితే అది కింద ఎత్తులో తిరుగుద్ది, ఎప్పుడూ మన మీద ఉండదు. అందుకే అట్టాంటి ఉపగ్రహాల కొలతలన్నీ కలిపి, మధ్యలో ఖాళీలు పరారుణ బొమ్మలతో పూడుస్తారు. అప్పుడు గడి సుమారు పదకొండు కిలోమీటర్లకి తగ్గుద్ది. ఎంత తగ్గినా నా చేనూ మీ చేనూ ఒకే గడిలో ఉంటాయి. నిట్టనిలువు గోడలున్న డబ్బా ఒకటి చెట్టు నీడ లేని చోట పెట్టి, వాన ఆగినాక స్కేలుతో కొలిచింది దీనికన్నా నమ్మకం.

చివరిగా సముద్రం. తుఫానుకి మేత సముద్రం వేడి. పై నీళ్ళు సుమారు ఇరవై ఆరున్నర డిగ్రీలు దాటితేనే తుఫాను పుట్టి పెరగడానికి వీలు. ఆ వేడినీ ఉపగ్రహం పరారుణంతోనే కొలుస్తది, కాకపోతే ఒక చిక్కు ఉంది. మధ్యలో గాల్లో ఉన్న తేమ కొంత వేడిని మింగేస్తది, సముద్రం ఉన్నదానికన్నా చల్లగా కనపడుద్ది. అందుకే కాస్త తేడా ఉన్న రెండు పరారుణ కిరణాలతో చూస్తారు. రెండోదాన్ని తేమ ఎక్కువ మింగుద్ది. ఒకటి 25 అని, రెండోది 23.5 అని చూపిందనుకోండి. తేడా ఒకటిన్నర. ఆ తేడాకి దాదాపు రెట్టింపు, అంటే మూడు, మొదటిదానికి కలిపితే 28. ఇది మోటు లెక్క, అసలుది ఇంకా సవరణలతో ఉంటది, కానీ పద్ధతి ఇదే. తేమ ఎంతుందో తేమే చెప్తది.

మబ్బు అడ్డం వస్తే మాత్రం పరారుణానికి సముద్రం కనపడదు, మబ్బు నెత్తే కనపడుద్ది. చుక్కలో పావు వంతు మబ్బు ఉన్నా సముద్రం చల్లబడినట్టు తప్పు లెక్క వస్తది. పగలైతే VIS చూసి ఆ మబ్బుని ఏరేస్తారు. తుఫాను మీద ఉన్న రోజున దాని కింద నీళ్ళ వేడి కావాలంటే మైక్రోవేవ్ ఉపగ్రహాల మీదే ఆధారం. ఈ సముద్రం వేడి లెక్కలు వాడే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్తది. నిజాంపట్నం వైపు పడవలోళ్ళకి తెలుసు.

బొమ్మలు ఎవరో పంపే దాకా ఆగక్కర్లేదు. mausam.imd.gov.in లో శాటిలైట్ భాగంలోకి పోతే VIS, IR1 రెండూ ఉంటాయి, ఉచితం. ముందు టైం చూడండి, తర్వాత రెండూ ఒకే టైంవి పెట్టుకోండి, తర్వాత నిక్కచ్చి అంచు ఎటుందో చూడండి. వాన మనకి గంటన్నర దూరంలో ఉన్నప్పుడు మచిలీపట్నం రాడార్ బొమ్మ కూడా తెరవండి, అది మబ్బు నెత్తిని కాదు, చుక్కలనే చూస్తది.

ఈ సీజన్‌లో కళ్ళాలు పట్టినాక, మబ్బు పట్టిన ప్రతి సాయంత్రం రెండు బొమ్మలూ టైంతో సహా ఇక్కడ పెడతా. మీ ఊళ్ళో పడిందా లేదా, డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లో కింద రాయండి. వినుకొండ, ఈపూరు, చిలకలూరిపేట వైపు వాళ్ళు తప్పకుండా రాయండి, దాగలి ఎక్కడిదాకా వచ్చింది, వాన ఎక్కడ ఆగింది అనేది అప్పుడు తేలుద్ది.